కంపెనీ వార్షికోత్సవంలో ముఖ్య అతిథికి రెండు నిమిషాల స్వాగతం: ఎలా రాయాలి, ఎలా చెప్పాలి

వార్షికోత్సవానికి పది రోజుల ముందు హెచ్‌ఆర్ నుంచి ఎవరో వచ్చి, "చీఫ్ గెస్ట్‌కి వెల్కమ్ స్పీచ్ నువ్వే చెప్పాలి, తెలుగులో, చిన్నదిగా" అని మీ నెత్తిన పెట్టి వెళ్లారనుకుందాం. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇది మామూలే. రేణిగుంట వైపు ఫ్యాక్టరీలు, శ్రీసిటీ కంపెనీలు, చిత్తూరు మామిడి గుజ్జు యూనిట్లు, ఊళ్లోని ఆసుపత్రులు, అన్నీ ఏడాదికోసారి ఈ పండుగ చేసుకుంటాయి. ఎండీ గారి ప్రసంగం ఎవరో ఒకరు రాసిస్తారు. వార్షిక నివేదికకి లెక్కలుంటాయి. స్వాగతం మాత్రం "నాలుగు మంచి మాటలేగా" అని చివరిదాకా వదిలేస్తారు. అప్పుడు పాత ఫైల్లోంచి పోయినేడాది స్వాగతం తీసి, పేరు మార్చి చదివేస్తారు. వినేవాళ్లకి అది పాతదని తెలిసిపోతుంది.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకదాన్ని ఉదాహరణగా పెట్టుకుని మొదటి ఫోన్ కాల్ నుంచి మైకు దగ్గర నిలబడేదాకా చెబుతాను. ఫ్యాక్టరీ చిత్తూరు దగ్గర. ముఖ్య అతిథి ఉద్యాన శాఖలో ఉప సంచాలకులుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక మేడమ్. స్వాగతం చెప్పాల్సింది క్వాలిటీ విభాగంలో పనిచేసే ఒక అమ్మాయి. ఉదాహరణ కల్పితమే. మీ అతిథి డాక్టరు కావచ్చు, కలెక్టరు కావచ్చు, బ్యాంకు అధికారి కావచ్చు. పద్ధతి మారదు.

మీ వంతు పని ఎంతవరకో ముందు తేల్చుకోండి

కార్యక్రమ పత్రం తెప్పించుకుని చూడండి. మన వైపు సభలు సాధారణంగా ఇలా నడుస్తాయి: ప్రార్థన, అతిథుల్ని వేదిక మీదికి పిలవడం, జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, నివేదిక, పెద్దల మాటలు, ముఖ్య అతిథి ప్రసంగం, బహుమతులు, వందన సమర్పణ, ఆ తర్వాత పిల్లల డాన్సులు, భోజనాలు. ఇందులో "అతిథి పరిచయం" అని విడిగా ఇంకో అంశం ఉందా లేదా అన్నది మీకు ముఖ్యం. ఉంటే అతిథి చదువు, ఉద్యోగాలు, పురస్కారాలు అవతలి మనిషి చెబుతారు. మీరు వాటి జోలికి పోనక్కర్లేదు. లేకపోతే ఆమె ఎవరో ఒక్క వాక్యంలో మీరే చెప్పాలి. ఈ సంగతి అడగనందువల్ల ఒకే బయోడేటాని యాంకరు ఒకసారి, స్వాగతం చెప్పినవాళ్లు ఒకసారి, పరిచయం చేసినవాళ్లు ఒకసారి చదివిన సభలు మన చుట్టూ బోలెడు.

కంపెనీ లాభాలు, టర్నోవరు, కొత్త యంత్రాలు నివేదికలోకి వెళ్లాలి. అతిథి రాకకి కృతజ్ఞతలు వందన సమర్పణలోకి వెళ్లాలి. మీకు మిగిలేది ఒకటే పని: ఈ మనిషి మన మధ్యకి రావడం మనకెందుకు సంతోషమో చెప్పి, చప్పట్లతో ఆహ్వానించడం. దానికి రెండు నిమిషాలు చాలు. వేదిక మీద నింపాదిగా మాట్లాడితే తెలుగులో నిమిషానికి 90 నుంచి 100 మాటలు వస్తాయి. అంటే మీ కాగితం మీద 200 మాటలు దాటకూడదు. 150 దగ్గర ఆగితే ఇంకా మంచిది, మధ్యలో చప్పట్లకి చోటుంటుంది.

అతిథి వైపు నుంచి ఒక ఫోన్ కాల్

రాయడం మొదలుపెట్టకముందే అతిథికో, ఆమె దగ్గర పని చూసుకునే వాళ్లకో ఫోన్ చేయండి. ఇంటర్నెట్‌లో దొరికింది, వాట్సాప్‌లో వచ్చిన బయోడేటా, ఈ రెండూ పాతబడి ఉంటాయి. ఫోన్‌లో అడగాల్సినవి ఎక్కువ లేవు. పేరు ఎలా పలకాలి, ఇంటిపేరు ముందు చెప్పాలా వద్దా, ఇప్పటి హోదా ఏమిటి, పేరుకు ముందు ఏం వాడితే ఇష్టం, స్వాగతంలో చెప్పొద్దనుకునేది ఏమైనా ఉందా. ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు కానీ, అతిథులు దీనికే ఎక్కువ సంతోషిస్తారు. మా ఉదాహరణలో మేడమ్, "రిటైరయ్యాక ఏదో సలహా సంఘంలో ఉన్నానని కాగితంలో ఉంటుంది, దాంట్లోంచి బయటికొచ్చేశాను, అది చెప్పకండి" అన్నారనుకోండి. అడక్కపోతే ఆ పేరే మొదట చదివేవాళ్లు.

పేరు పలకడం చిన్న విషయం కాదు. మన సరిహద్దులో తమిళ పేర్లున్న అధికారులు, కన్నడ పేర్లున్న ఇంజనీర్లు తరచూ అతిథులుగా వస్తారు. ఇంగ్లిషు స్పెల్లింగ్ చూసి తెలుగులో పలికితే దీర్ఘం ఒకచోట పడాల్సింది ఇంకోచోట పడుతుంది. ఫోన్‌లో ఆమె నోటి నుంచే పేరు విని, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసుకోండి. వేదిక మీద చదివేది ఆ కాగితం చూసే.

గౌరవ పదాలు ఒకదాని మీద ఒకటి పేర్చకండి. "గౌరవనీయులు, పూజ్యులు, డాక్టర్ శ్రీమతి ఫలానా గారు" అంటే ఎవరికీ గౌరవం పెరగదు. వైద్యులైనా, డాక్టరేట్ ఉన్నా "డాక్టర్", లేకపోతే "శ్రీమతి" లేదా "శ్రీ", చివర "గారు". అంతే. పద్మ పురస్కారం అందుకున్నవారు అతిథిగా వస్తుంటే ఇంకో జాగ్రత్త ఉంది. పద్మశ్రీ, పద్మభూషణ్ లాంటివి బిరుదులు కావనీ, వాటిని పేరుకు ముందుగానీ వెనకగానీ తగిలించకూడదనీ సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. "పద్మశ్రీ ఫలానా గారు" అనకుండా "పద్మశ్రీ పురస్కారం అందుకున్న ఫలానా గారు" అనండి. బ్యానరు మీద కూడా అలాగే వేయించండి. బ్యానరు ప్రింటుకి వెళ్లాక గుర్తొస్తే డబ్బులు దండగ.

అతిథికీ మీ కంపెనీకీ మధ్య ఒక్క ముడి వెతకండి

అసలు శ్రమంతా ఇక్కడే. ఈ ముడి దొరికితే రాయడం అరగంట పని. దొరక్కపోతే ఎన్ని రోజులు కూర్చున్నా "బహుముఖ ప్రజ్ఞాశాలి" దగ్గరే తిరుగుతూ ఉంటారు.

ముడి అంటే, అతిథి చేసిన ఒక పని మీ కంపెనీలో పనిచేసే వాళ్ల రోజువారీ జీవితాన్ని తాకిన చోటు. దాన్ని ఎండీ గదిలో వెతక్కండి. పాతవాళ్లని అడగండి: స్టోర్స్‌లో, గేటు దగ్గర, కొనుగోలు విభాగంలో, క్యాంటీన్‌లో. "ఈ మేడమ్ మీకు తెలుసా? ఎప్పుడైనా మన దగ్గరికొచ్చారా?" అని అడిగితే చాలు.

మా ఉదాహరణలో అమ్మాయికి రెండు సంగతులు దొరికాయనుకుందాం. మొదటిది కాయలు మాగబెట్టే షెడ్డు గురించి. ఒకప్పుడు ఇక్కడ కార్బైడ్ పొట్లాలు వాడేవాళ్లనీ, షెడ్డులో పనిచేసే ఆడవాళ్ల కళ్లు మండేవనీ, మేడమ్ వచ్చి గట్టిగా చెప్పాక ఇథిలీన్ గదులు వచ్చాయనీ ఒక పాత ఉద్యోగి చెప్పారు. రెండోది గేటు దగ్గరున్న నీళ్ల తొట్టి గురించి. లేత కాయ, ముదురు కాయ తేల్చే ఆ పద్ధతి మేడమ్ ఒక తోటలో చేసి చూపించిందే.

వినగానే మొదటిదే బాగుందనిపిస్తుంది. అందులో కష్టముంది, మార్పుంది. కానీ దాన్ని వదిలేయాలి. పండ్లు మాగబెట్టడానికి కాల్షియం కార్బైడ్ వాడటం మన ఆహార భద్రత చట్టం కింద నిషేధం. విలేకరులు కూర్చున్న సభలో, కొనుగోలుదార్ల ప్రతినిధులు ముందు వరుసలో ఉండగా, "మా ఫ్యాక్టరీలో ఒకప్పుడు కార్బైడ్ వాడేవాళ్లం" అని స్వాగతం చెప్పే అమ్మాయి నోట రావడం ఎవరికీ మంచిది కాదు. మేడమ్‌కీ ఇబ్బందే. తనిఖీకి వచ్చి చూసీ చూడనట్టు వదిలేశారా అని ఎవరైనా అడగొచ్చు. ముడి నిజమైతే సరిపోదు, దాన్ని వేదిక మీద చెబితే అతిథి, కంపెనీ, వినేవాళ్లు ముగ్గురూ తల వంచుకోకుండా ఉండగలగాలి. ఈ లెక్కన తొట్టి కథ నెగ్గుతుంది.

తొట్టి కథ ఏమిటంటే, తోతాపురి సీజన్ మొదట్లో రేటు బాగుందని కొందరు కాయ ముదరకముందే కోసేస్తారు. లేత కాయ మాగినా గుజ్జు పాలిపోయినట్టుంటుంది, తీపి రాదు, పులుపు ఎక్కువ. ఫ్యాక్టరీ వాళ్లు లోడు వెనక్కి పంపుతామంటారు, రైతులు కాయ బాగానే ఉందంటారు. ముదిరిన కాయ నీటికన్నా కొంచెం బరువు కాబట్టి నీళ్లలో మునుగుతుంది, లేతది తేలుతుంది. ఇది కొత్తగా కనిపెట్టినది కాదు, పాత పద్ధతే. మేడమ్ చేసిందల్లా గొడవ జరుగుతున్నచోట బక్కెట్ తెప్పించి అందరి ముందూ చూపించడం.

దొరికిన కథని అలాగే రాసేయకండి. చెప్పిన మనిషికి పదేళ్ల నాటి సంగతి కొంచెం అటూ ఇటూ గుర్తుండొచ్చు. అక్కడే ఉన్న ఇంకొకరిని అడగండి. తర్వాత మేడమ్‌కి ఫోన్ చేసి, "ఇలా చెప్పాలనుకుంటున్నాం, సరేనా?" అనండి. చాలామంది అతిథులు ఇక్కడే ఒక మాట సరిదిద్దుతారు: "ఆ పద్ధతి నేను కనిపెట్టానని మాత్రం అనకమ్మా." ఇలాంటి అతిశయోక్తే స్వాగతాల్ని పాడుచేసేది. ముందు వరుసలో కూర్చున్న మామిడి రైతుకి ఆ పరీక్ష వాళ్ల తాతకి కూడా తెలుసని తెలుసు. "జిల్లా మామిడి రంగాన్నే మార్చేసిన" అనగానే ఆయన పక్కవాడి వైపు చూసి నవ్వుతాడు. ఆ నవ్వు మేడమ్ కూడా చూస్తారు.

తీసేయాల్సిన మాటలు

మొదటి ప్రతి రాశాక ఈ మాటలు ఎక్కడున్నాయో వెతికి కొట్టేయండి. "పరిచయం అక్కర్లేని వ్యక్తి" అంటూ తర్వాత మూడు నిమిషాలు పరిచయం చేయడం. "వారి గురించి చెప్పడమంటే సూర్యుడికి దివిటీ పట్టడమే" అనడం. "తమ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి" అని మొదలుపెట్టి, ఆ సమయాన్నే తినేయడం. "పిలవగానే కాదనకుండా ఒప్పుకున్నారు" అనేది నిజమైతే ఫర్వాలేదు. మూడు తేదీలు మార్చాక వచ్చారని ఆఫీసంతా తెలిసినప్పుడు అంటే, సభలో గుసగుసలు మొదలవుతాయి.

తిరుపతిలో ఇంకోటి ఉంది. ప్రతి స్వాగతంలోనూ "ఏడుకొండలవాడి ఆశీస్సులతో", "శ్రీవారి పాదాల చెంత" అని ఒక వాక్యం దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. దేవుడి పేరు చెప్పొద్దని కాదు. ప్రార్థన అయ్యింది, జ్యోతి వెలిగించారు, మళ్లీ మీరు చెప్పేదాంట్లో కొత్తదేమీ లేదు. అతిథి వేరే మతం వారైతే మీ స్వాగతంలో ఆమెకి చోటు తగ్గుతుంది కూడా. అలాగే బయటి ఊరి అతిథికి కంపెనీ తరఫున దర్శనం ఏర్పాటు చేసి ఉంటే, దాన్ని మైకులో చెప్పకండి. "ఉదయం బ్రేక్ దర్శనం చేసుకుని మన మధ్యకి వచ్చారు" అనేది మర్యాదగా అనిపించినా, ఆ టికెట్ ఎవరి సిఫారసు మీద దొరికిందన్న ప్రశ్న వినేవాళ్ల మనసులో లేస్తుంది. అధికారి అయితే ఆమెకి మరీ ఇబ్బంది.

అధికారులు అతిథులైనప్పుడు స్వాగతంలో అర్జీ పెట్టడం మన దగ్గర పాత అలవాటు. "మా ఫ్యాక్టరీ రోడ్డు సంగతి మేడమ్ దృష్టికి తీసుకొస్తూ…" అని మొదలైతే అది స్వాగతం కాదు. ఆమె తన ప్రసంగంలో జవాబు చెప్పక తప్పని పరిస్థితి తెచ్చిపెట్టినట్టు. అర్జీ ఉంటే కాగితం మీద రాసి, పని వేళల్లో ఆఫీసులో ఇవ్వండి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం మింగేది పేర్ల వరస. వేదిక మీద ఎనిమిది మంది ఉంటే, ఒక్కొక్కరి పేరు, హోదా, ఒక విశేషణం కలిపి ఏడెనిమిది సెకన్లు పడుతుంది. ఎనిమిది మందికి నిమిషం పూర్తి. మీ రెండు నిమిషాల్లో సగం అక్కడే పోయింది. ఎలాగూ యాంకరు ఒక్కొక్కర్నీ పేరు పెట్టి వేదిక మీదికి పిలిచారు. మీరు "వేదిక మీదున్న పెద్దలందరికీ" అంటే చాలు. ఎవరైనా నొచ్చుకుంటారేమోనని భయముంటే ముందు రోజే ఎండీ గారికి చెప్పి ఒప్పించండి. ఆయన ఒప్పుకున్నారంటే మిగతా వాళ్లు అడగరు.

వాక్యాలు పేర్చే వరస

కథతోనే మొదలుపెట్టండి. నమస్కారం ఒక్క వాక్యం, వెంటనే తొట్టి. అతిథి పేరు మొదట్లో చెప్పకండి, "మేడమ్" అంటూ నడపండి. పేరు, హోదా చివరి వాక్యంలో రావాలి. తెలుగు వాక్యంలో ముఖ్యమైన మాట చివరికి వస్తే బలం. పేరు చెప్పి, "స్వాగతం" అనగానే ఆగితే సభకి చప్పట్లు కొట్టాల్సిన చోటు తెలుస్తుంది. "స్వాగతం" తర్వాత ఇంకో వాక్యం పెడితే ఆ చప్పట్లు సగంలో చచ్చిపోతాయి.

చిత్తూరు ఫ్యాక్టరీలో తమిళం ఇంట్లో మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. మొదట్లో ఒక్క "వణక్కం" వాళ్ల కోసం. అంతకుమించి రెండు భాషల్లో చెప్పాలని చూడకండి, నిడివి రెట్టింపవుతుంది.

ఆ అమ్మాయి రాసుకున్న స్వాగతం ఇది:

"సభకు నమస్కారం. వణక్కం.

సీజన్‌లో మన ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక నీళ్ల తొట్టి ఉంటుంది. లోడు రాగానే నాలుగు కాయలు తీసి అందులో వేస్తాం. మునిగితే ముదురు కాయ, తేలితే లేత కాయ. దీనికి కరెంటు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. రైతు, లారీ డ్రైవరు, మేమూ అందరం కళ్లారా చూస్తాం. గేటు దగ్గర గొడవలు తగ్గింది ఆ తొట్టి వచ్చాకే.

మేడమ్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి బంగారుపాళ్యం దగ్గర ఒక తోటలో రైతుల్నీ, ఫ్యాక్టరీల వాళ్లనీ కలిపి కూర్చోబెట్టారు. కాయ లేతదని మన వాళ్లు, ముదిరిందేనని రైతులు. మేడమ్ ఎవరి వైపూ మాట్లాడలేదు. బక్కెట్‌తో నీళ్లు తెప్పించి రెండు కాయలు వేశారు. ఒకటి మునిగింది, ఒకటి తేలింది. వాదన అక్కడితో ఆగింది.

ఆ రోజు అక్కడున్న మన కొనుగోలు విభాగం వాళ్లు తిరిగొచ్చి గేటు దగ్గర తొట్టి కట్టించారు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నాకు నేర్పిన పని అదే. అది ఎక్కడ మొదలైందో ఈ మధ్యే తెలిసింది.

ఉద్యాన శాఖ ఉప సంచాలకులుగా పదవీ విరమణ చేసి, ఈ రోజు మన పండుగకి ముఖ్య అతిథిగా విచ్చేసిన శ్రీమతి ……… గారికి, ఇక్కడున్న మన రైతుల తరఫున, మన ఉద్యోగులందరి తరఫున హృదయపూర్వక స్వాగతం."

నింపాదిగా చదివితే దాదాపు ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది. ఇందులో మేడమ్‌ని పొగిడిన విశేషణం ఒక్కటి కూడా లేదు, గమనించండి. ఆమె ఏం చేశారో చెబితే మెచ్చుకోవడం సభ చేస్తుంది. "ఎవరి వైపూ మాట్లాడలేదు" అన్న చిన్న వాక్యం "నిష్పక్షపాత అధికారి" అన్న బిరుదుకన్నా ఎక్కువ పనిచేస్తుంది. రైతుల మాట కూడా చులకన చేయలేదు. మొదటి ప్రతిలో "రైతులు లేత కాయలు తెచ్చి మోసం చేసేవాళ్లు" అని ఉంటే, ముందు వరుస రైతుల ముందు స్వాగతం అవమానమయ్యేది.

చివర "వారిని మాట్లాడవలసిందిగా కోరుతున్నాను" అని లేదు చూడండి. స్వాగతం తర్వాత నివేదిక ఉంది. మీరు అలా అంటే ఆమె పాపం లేచి మైకు దగ్గరికి వస్తారు, యాంకరు పరిగెత్తుకుంటూ వచ్చి "మేడమ్, తర్వాత" అంటారు.

అతిథి ఆలస్యమైతే

బయటి నుంచి వచ్చే అతిథికి తిరుపతిలో ఆలస్యం కావడానికి కారణం ముందే తెలుసు: ఉదయం కొండ మీదికి వెళతారు, దర్శనం ఎప్పుడవుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు, తర్వాత ఘాట్ రోడ్డు దిగి రావాలి. సాయంత్రం 5 గంటల సభకి 6 దాటాక వస్తే, నిర్వాహకులు కార్యక్రమం కుదించమంటారు. అప్పటికప్పుడు కాగితంలో వాక్యాలు కొట్టేస్తూ చదివితే తడబడతారు. అందుకే ముప్పై సెకన్ల ప్రతి ఒకటి విడిగా రాసి జేబులో ఉంచుకోండి. తొట్టి కథకి అది ఇలా ఉంటుంది: "మన గేటు దగ్గర కాయ ముదురో లేతో తేల్చే నీళ్ల తొట్టి అందరికీ తెలుసు. ఆ పరీక్షని బంగారుపాళ్యం దగ్గర ఒక తోటలో రైతుల ముందూ, మన వాళ్ల ముందూ చేసి చూపించింది ఈ రోజు మన ముఖ్య అతిథి. శ్రీమతి ……… గారికి మనందరి తరఫున హృదయపూర్వక స్వాగతం." ఆలస్యం గురించి ఒక్క మాట కూడా వద్దు, సరదాగా కూడా. "ట్రాఫిక్‌ని జయించి వచ్చిన" లాంటివి అస్సలు వద్దు.

అతిథి రాలేక, ఆమె తరఫున ఇంకొకరు వస్తే మీ కథ పనికిరాదు. వచ్చినవారి పేరు, హోదా అడిగి, ఒక్క వాక్యంలో స్వాగతం చెప్పి దిగిపోండి. రానివారి గురించి కథ చెబితే వచ్చినవారు చిన్నబోతారు.

మైకు దగ్గర

కాగితం మీద అక్షరాలు పెద్దవిగా, వరసల మధ్య చోటు వదిలి, ఒకే వైపు ప్రింటు తీసుకోండి. ఫోన్‌లో చూసి చదవద్దు. స్క్రీన్ ఆరిపోతుంది, మధ్యలో కాల్ వస్తుంది, పైగా వీడియోలో మీ ముఖం మీద నీలం వెలుగు పడుతుంది. పేరున్న చివరి వాక్యం పేజీ విరగకుండా ఒకే చోట ఉండాలి.

హోటల్ హాలులో, మహతి లాంటి ఆడిటోరియంలో మైకుకి జానెడు దూరంలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే సరిపోతుంది. ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా వేసి, దూరం దూరంగా స్పీకర్లు పెట్టినప్పుడు మీ మాట వెనక నుంచి మీకే ఆలస్యంగా వినిపిస్తుంది. దానికి కంగారుపడి వేగం పెంచుతారు, అప్పుడు వెనక కూర్చున్న వాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు. ఆ ప్రతిధ్వనిని పట్టించుకోకుండా వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక ఊపిరి వదలండి. కుదిరితే సభకి ఒక గంట ముందు సౌండ్ వాళ్లని అడిగి రెండు వాక్యాలు అదే మైకులో చదివి చూసుకోండి.

కథ సభ వైపు చూస్తూ చెప్పండి, మేడమ్ వైపు కాదు. చివరి వాక్యానికి ముందు ఆగి, ఆమె వైపు తిరిగి, పేరు చెప్పండి. తిరిగేటప్పుడు ముఖం మాత్రమే తిప్పితే మైకు పక్కకి పోయి, అన్నిటికన్నా ముఖ్యమైన పేరే వినపడదు. ఒక అడుగు పక్కకి జరిగి, మైకు మీకూ ఆమెకీ మధ్య ఉండేట్టు నిలబడితే ఆ ఇబ్బంది రాదు. చేతులు జోడించేది "స్వాగతం" అన్నాక. జోడించిన చేతుల్లో కాగితం నలిగిపోతుంది కాబట్టి ముందు దాన్ని పోడియం మీద పెట్టేయండి.

పూలగుచ్ఛం, శాలువా ఎవరిస్తారో ముందే తేల్చి, వాళ్లని వేదిక మెట్ల దగ్గర సిద్ధంగా ఉంచమని యాంకరుకి చెప్పండి. మీ చివరి మాటకి చప్పట్లు మోగుతుండగానే వాళ్లు కదలాలి. సభ అంతా చూస్తుండగా "శాలువా ఎక్కడ, శాలువా" అని వెతుకులాట మొదలైతే మీరు తెచ్చిన వేడి చల్లారిపోతుంది. శాలువా కప్పేది ఎండీ గారైతే, మీరు మైకు వదిలి పక్కకి జరిగి దారివ్వండి. ఫొటోలో మీ వీపు పడకూడదు.

ముందు రోజు సాయంత్రం మీ కాగితం కాపీ రెండు చోట్ల ఇవ్వండి. ఒకటి యాంకరుకి, మీరు చెప్పబోయే తొట్టి కథనే మేడమ్‌ని వేదిక మీదికి పిలిచేటప్పుడు చెప్పేయకుండా. ఇంకోటి వందన సమర్పణ చేసేవారికి. ఆయన కాగితంలో కూడా "మేడమ్ మన గేటు దగ్గర తొట్టి…" అని ఉంటే, అది కొట్టేసి వేరేది రాసుకోవడానికి ఒక రాత్రి టైముంటుంది.